మైకు లేని బహిరంగ కూటానికి ప్రసంగం వ్రాయుట: చిన్న పదబంధాలు, బలమైన వాక్యాంతాలు

ఉపోద్ఘాతం

కొన్నేళ్ల క్రితం ఒక పల్లెలో ఒక యౌవనస్థుని భూస్థాపన కార్యక్రమం జరిగింది. పొలం గట్టున శ్మశానం. నాలుగు వందల మంది దాకా వచ్చారు. కరెంటు లేదు, మైకు లేదు. నేను ముందురోజు రాత్రి ప్రసంగం శ్రద్ధగానే వ్రాసుకొని వెళ్లాను. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: "ఈ యౌవనస్థుని అకాల మరణము అతని పాపమునకు గాని, అతని తలిదండ్రుల పాపమునకు గాని, దేవుడు విధించిన శిక్ష ఎంతమాత్రమును కాదు." ఆ తల్లిదండ్రులకు ఊరటగా ఉండాలని ఆ మాట వ్రాశాను. యోహాను సువార్త 9వ అధ్యాయం ఆధారంగా వేదాంతపరంగా అందులో తప్పేమీ లేదు.

మూడు రోజుల తర్వాత ఆ కుటుంబాన్ని పరామర్శించడానికి వెళ్లాను. చనిపోయినవాని మేనత్త వాకిట్లోనే నిలబెట్టి అడిగింది: "అయ్యగారూ, మావాడికి దేవుడు శిక్ష వేశాడని అందరిలో చెప్పారంట గదా. వాడేం తప్పు చేశాడయ్యా?" ఆమె ఆ రోజు ఆడవాళ్ల మధ్య వెనుక కూర్చుంది. వెనుక ఉన్నవారికి "పాపమునకు", "తలిదండ్రుల", "దేవుడు", "శిక్ష" అనే మాటలు వినబడ్డాయి. చివరనున్న "కాదు" వినబడలేదు. ఊరిలో సగం మంది అదే విని ఇంటికి వెళ్లారు. నేను ఆ తర్వాత ఎన్ని ఇళ్లకు తిరిగి చెప్పినా, మొదట విన్న మాట పూర్తిగా పోలేదు.

అప్పటినుండి ఈ విషయం గూర్చి నేను నేర్చుకొన్నది, పరీక్షించి చూచినది ఈ వ్యాసంలో వివరిస్తాను. గొంతు పెంచడం ఎలా అనేది ఇక్కడి విషయం కాదు. ఆ రోజు నా గొంతు బాగానే ఉంది. తప్పు కాగితం మీద జరిగింది. మైకు లేనిచోట చెప్పబోయే ప్రసంగాన్ని ఏ విధంగా వ్రాయాలి, ముఖ్యంగా తెలుగులో ఏ విధంగా వ్రాయాలి అనేదే చర్చనీయాంశం. సమాధుల తోటలో ఈస్టరు ఉదయకాల ఆరాధన, భూస్థాపన, నది ఒడ్డున బాప్తిస్మ కూటం, కరెంటు పోయిన కన్వెన్షను, సౌండు పర్మిషను రాని వీధి కూటం: ఇవన్నీ మన సంఘకాపరులకు ఏటా ఎదురయ్యేవే.

1. దూరంలో ఏది ముందుగా పోతుంది?

బహిరంగ ప్రదేశంలో గోడలు, కప్పు ఉండవు కాబట్టి శబ్దాన్ని తిరిగి పంపేది ఏదీ ఉండదు. మాట నేరుగా వెళ్లిందే వెళ్లడం. దూరం రెట్టింపు అయిన ప్రతిసారి శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 అడుగుల దూరంలో ఉన్నవానికి వినబడినదానికంటే 20 అడుగులలో ఉన్నవానికి 6 డెసిబెల్స్ తక్కువ. 40 అడుగులలో 12. 80 అడుగులలో 18. దీనికి తోడు నేలపై కూర్చున్న జనం, వారి బట్టలు, నేలకు దగ్గరగా సాగే శబ్దాన్ని కొంత పీల్చుకొంటాయి. గాలి, ఆకుల గలగల, పసిపిల్లల ఏడుపు, దూరాన ట్రాక్టరు ఇంజను మిగిలినదాన్ని కప్పివేస్తాయి.

అయితే మాట అంతా ఒకే విధంగా తగ్గిపోదు. అచ్చులలో బలం ఎక్కువ, హల్లులలో తక్కువ. హల్లులలోను హ, ఫ వంటివి అందరికంటే ముందు పోతాయి. దీర్ఘాచ్చులు చాలా దూరం నిలుస్తాయి. కాబట్టి వెనుక వరుసలో ఉన్న వ్యక్తికి మొదట హల్లులు మసకబారి, తర్వాత హ్రస్వాచ్చులు మాసిపోయి, చివరకు దీర్ఘాచ్చులు, మాటల లయ మాత్రమే మిగులుతాయి. మీగడ, పాలు అమ్మేవారు, కూరగాయల బండివారు ఈ సంగతి ఏ పుస్తకంలోను చదువలేదు. అయినా "పాలూ...", "కూరగాయలూ..." అని చివరి అచ్చును సాగదీస్తారు. దండోరా వేసేవారు ముందు డప్పు కొట్టి, నిశ్శబ్దం వచ్చాక ఒక ముక్క చెప్పి, ఆగి, మరొక ముక్క చెప్పి, చివర "హో" అని ముగించేవారు. నాలుగు వీధులకు వినబడే మాటకు ఏ రూపం ఉండాలో వారికి తెలుసు.

ఇక మాట్లాడేవాని వైపు చూద్దాం. గొంతు పెంచి పలికేటప్పుడు ఊపిరి త్వరగా ఖర్చవుతుంది. వాక్యం పొడవైతే చివరకు వచ్చేసరికి గాలి తక్కువ, ఒత్తిడి తక్కువ. పైగా వాక్యం ముగుస్తుందని తెలియగానే మన స్వరం సహజంగానే క్రిందికి దిగుతుంది. అంటే వాక్యపు మొదటి భాగం బలంగాను, చివరి భాగం బలహీనంగాను బయలుదేరుతుంది. దూరం ఆ బలహీనమైన దాన్ని ముందుగా తీసుకొంటుంది.

2. తెలుగులో ఈ నష్టం ఎందుకు ఎక్కువ?

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎందుకు, ఎవరితో అన్నీ చెప్పిన తర్వాతే ఏమి జరిగిందో చెబుతాము. అంతకంటే ముఖ్యం, అవునో కాదో తెలిపే గుర్తు కూడా చివరే ఉంటుంది. "విడుస్తాడు", "విడువడు" అనే రెంటికి తేడా చివరి రెండు మూడు అక్షరాలలోనే ఉంది. "చేయండి", "చేయకండి" అనే రెంటికి తేడా మధ్యలో ఒక్క అక్షరం. "శిక్ష", "శిక్ష కాదు" అనే రెంటికి తేడా, ఊపిరి అయిపోయే చోట ఉన్న రెండు అక్షరాలు. కొన్ని ఇతర భాషలలో వాక్యాంతం పోతే ఒక వివరం పోవచ్చు. తెలుగులో వాక్యాంతం పోతే తీర్పే పోతుంది.

ఇందులో మరొక చిక్కు ఉంది. తెలుగు క్రియలు ఎక్కువగా "డు", "ను", "ము", "రు", "ది" అనే హ్రస్వాక్షరాలతో ముగుస్తాయి. ఇవి అచ్చులతో ముగిసినా ఆ అచ్చులు బలహీనమైనవి. పునరుత్థాన సందేశంలో ప్రతివారు వాడే రెండు మాటలు తీసుకొందాం: "లేడు", "లేచాడు". దగ్గర వింటే రెంటికి పోలిక లేదు. 80 అడుగుల దూరంలో గాలి వీస్తుండగా వింటే రెండూ "లే... డు" అనే వినబడగలవు. క్రీస్తు సమాధిలో లేడు అన్న వార్తకు, క్రీస్తే లేడు అన్న మాటకు మధ్య సంఘాన్ని నిలబెట్టడం తగదు.

గ్రంథ భాషను ఇష్టపడే మనవంటివారికి ఇక్కడ ఒక ఇబ్బందికరమైన సత్యం ఎదురవుతుంది. "చూచెదము" అనేది గంభీరమైన మాటే. కాని దాని చివర రెండు హ్రస్వాక్షరాలు "ద", "ము". "చూస్తాం" అనేది వాడుక మాట. దాని చివర దీర్ఘమైన "ఆ", దాని మీద అనునాసిక ధ్వని. దూరంగా ఉన్నవానికి "చూస్తాం" చేరుతుంది, "చూచెదము" లో "చూచె" వరకే చేరుతుంది. ఇది భాషాగౌరవానికి సంబంధించిన వాదన కాదు. వేదిక మీద మైకు ఉన్నప్పుడు గ్రంథ భాష వాడవచ్చు. మైకు లేనప్పుడు క్రియా రూపాన్ని చెవి కోసం ఎన్నుకోవాలి.

3. లేఖనంలో ఒక నమూనా

ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయం 14 నుండి 26 వచనాలు మైకు లేని మహాసభ కోసమే నిర్మింపబడినట్లు ఉంటాయి. ఆరు గోత్రాలు గెరిజీము కొండ మీద, ఆరు గోత్రాలు ఏబాలు కొండ మీద నిలువవలసి ఉంది. మధ్యలో షెకెము లోయ. యెహోషువ 8:33 ప్రకారం మందసము, దానిని మోయు యాజకులైన లేవీయులు నడుమ ఉన్నారు. లేవీయులు ఎలుగెత్తి చెప్పాలి, ప్రజలందరు "ఆమేన్" అనాలి.

ఈ భాగాన్ని ధ్వని దృష్టితో చదివితే మూడు సంగతులు కనబడతాయి. మొదటిది, పండ్రెండు శాపవచనాలు ఒకే అచ్చులో ఉన్నాయి. హెబ్రీలో ప్రతిదీ "ఆరూర్", అనగా "శాపగ్రస్తుడు" అనే మాటతోనే ఆరంభమవుతుంది. అంటే తీర్పు ముందే వినబడుతుంది; ఎవని గూర్చి అనేది తర్వాత వస్తుంది. రెండవది, మొదటి వచనం తప్ప మిగిలినవి చాలా చిన్నవి, ఒక ఊపిరిలో పలుకదగినవి. మూడవది, ప్రతి వచనం తర్వాత జనం "ఆమేన్" అంటారు. ఆ మాట దీర్ఘమైన "ఆ", "ఏ" ధ్వనులతో నిండినది. ఈ ప్రత్యుత్తరం వల్ల చెప్పేవానికి ఊపిరి తీసుకొనే సమయం దొరుకుతుంది. ఎవరైనా వినలేకపోతే పక్కవారి "ఆమేన్" ద్వారా వచనం ముగిసిందని తెలుస్తుంది.

అయితే ఇక్కడ ఒక తేడాను మనం గమనించాలి. తెలుగు వ్యాకరణం "శాపగ్రస్తుడు" అనే మాటను చివరకు తీసుకొని వస్తుంది. కొండమీది ప్రసంగంలోని ధన్యవచనాలలోను ఇదే జరుగుతుంది. మత్తయి 5:3-10లో గ్రీకు మూలంలో "మకారియోయ్" అనే మాట ఎనిమిదిసార్లు ముందు వస్తుంది. తెలుగులో "ధన్యులు" అనేది "వారు" తర్వాత వస్తుంది. మూల భాషలలో ఊపిరి నిండుగా ఉన్నప్పుడు పలికిన మాటను మనం ఊపిరి తగ్గాక పలుకుతున్నాము. ఇది అనువాద దోషం కాదు, భాష స్వభావం. కాని వీటి ఆధారంగా బహిరంగ ప్రసంగం వ్రాసేవాడు ఆ తీర్పు మాటకు వేరే విధంగా బలం చేకూర్చవలసి ఉంటుంది.

4. వాక్యాంతానికి బలమిచ్చే మూడు మార్గాలు

మొదటి మార్గం క్రియ లేని వాక్యం. తెలుగులో "సమాధి ఖాళీ", "మన కాపరి యేసు" అనే వాక్యాలు పూర్తి వాక్యాలే. "ఉన్నది", "అయియున్నాడు" అనేవి తీసివేస్తే, బరువైన నామవాచకమే చివర నిలుస్తుంది. "సమాధి ఖాళీగా ఉన్నది" అన్నప్పుడు చివర చేరేది "న్నది". "సమాధి ఖాళీ" అన్నప్పుడు చివర చేరేది "ఖాళీ", రెండూ దీర్ఘాలే.

రెండవ మార్గం వ్యతిరేకాన్ని ముందుకు తెచ్చి, చివర మరల చెప్పడం. "ఇది శిక్ష కాదు" అనడంకంటే "కాదు! ఇది శిక్ష కాదు. కానే కాదు!" అనడం మేలు. మూడుసార్లు చెప్పడం కాగితం మీద అనవసరంగా కనబడుతుంది. మైదానంలో ఆ మూడింటిలో ఒకటైనా చేరుతుంది. మొదటి "కాదు" నిండు ఊపిరితో వెళ్తుంది. "కానే కాదు" లో రెండు దీర్ఘాలు అదనంగా కలిశాయి.

అయినా ఇక్కడ ఒక నియమాన్ని నేను కఠినంగా పాటిస్తున్నాను: వాక్యంలో సగమే వినబడినా అది అబద్ధం కాకూడదు. "శిక్ష" అనే మాట పలికినంతకాలం అది ఒంటరిగా ఎవరో ఒకరి చెవికి చేరే ప్రమాదం ఉంటుంది. కాబట్టి దుఃఖంలో ఉన్న కుటుంబం ముందు ఆ మాటనే కాగితం మీద నుండి కొట్టివేసి, చెప్పదలచిన సత్యాన్ని నిశ్చయార్థకంగా చెప్పాలి: "దేవుడు ఈ ఇంటిని ప్రేమిస్తాడు. ఈ రోజు కూడా ప్రేమిస్తాడు." దీనిలో ఏ సగం పోయినా మిగిలిన సగం సత్యమే. శిక్ష గూర్చిన వివరణ కావలసినవారికి ఇంటి వద్ద, ఎదురుగా కూర్చొని చెప్పవచ్చు. ఆనాడు నేను చేయవలసింది అదే.

మూడవ మార్గం ఒకే క్రియను రెండవసారి చిన్నదిగా చెప్పడం. "మన వాళ్లను చూస్తాం. మళ్లీ చూస్తాం!" రెండవ వాక్యం నాలుగే అక్షరాలు కాబట్టి ఊపిరి తగ్గదు, స్వరం క్రిందికి దిగదు. మొదటిసారి అనుమానంగా విన్నవానికి రెండవసారి స్థిరమవుతుంది.

5. ఒక పేరాను మార్చి వ్రాయుట

సమాధుల తోటలో ఈస్టరు ఉదయకాల ఆరాధన కోసం నేను మొదట ఇలా వ్రాసుకొన్నాననుకొందాం:

"మన ప్రియులను ఈ సమాధులలో ఉంచి దుఃఖముతో వెళ్లిపోయిన మనము, క్రీస్తు మృతులలోనుండి లేచినందున, ఆశ లేనివారివలె కాక, వారిని మరల చూచెదమను నిశ్చయతతో ఈ ఉదయమున ఇక్కడ కూడియున్నాము."

దేవాలయంలో చదివితే మంచి వాక్యం. తోటలో వెనుక నిలిచినవానికి చేరేవి బహుశా ఇవి: "సమాధులలో", "దుఃఖముతో", "వెళ్లిపోయిన", "లేనివారి", "కూడి". సువార్త అంతా పోయింది, దుఃఖం మాత్రమే చేరింది.

మొదటి మెట్టు: ఈ వాక్యంలో ఎన్ని సంగతులున్నాయో విడదీయాలి. నాలుగు ఉన్నాయి. మన వారిని ఇక్కడ ఉంచాము. ఏడ్చాము. క్రీస్తు లేచాడు. మన వారిని మరల చూస్తాము. "లేచినందున" అనే కారణ సంబంధం, "కాక" అనే పోలిక కేకకు లొంగవు. వాటిని వరుసక్రమమే చూపాలి.

రెండవ మెట్టు: ప్రతి సంగతికి ఒక వాక్యం. ఒక్కొక్క వాక్యం ఒక ఊపిరిలో పూర్తి కావాలి. గొంతు పెంచి పలికినప్పుడు నాకు 12 నుండి 15 అక్షరాల వరకు బలం తగ్గకుండా వస్తుంది. ఎవరి ఊపిరి ఎంతో వారే మైదానంలో నిలబడి పలికి తెలుసుకోవాలి. ఇక్కడ అక్షరం అంటే అచ్చుతో కూడిన ఒక్కొక్క ఉచ్చారణ. వేళ్ల మీద లెక్కించవచ్చు.

మూడవ మెట్టు: ప్రతి వాక్యపు చివరి మాటను మాత్రమే వరుసగా చదవాలి. ఆ చివరి మాటలే ఒక చిన్న సందేశంలాగా నిలువగలిగితే పేరా సిద్ధమైనట్లే.

ఇలా మార్చిన తర్వాత కాగితం ఈ విధంగా ఉంటుంది:

ఇక్కడే మన వాళ్లను పెట్టాం.
ఇక్కడే మనం ఏడ్చాం.
(ఆగాలి)
ఈ ఉదయం ఒక వార్త!
(ఆగాలి)
చనిపోయిన యేసు తిరిగి లేచాడు!
సమాధి ఖాళీ!
(ఆగాలి)
మన వాళ్లను చూస్తాం.
మళ్లీ చూస్తాం!

అక్షరాలు లెక్కిస్తే వరుసగా 10, 7, 8, 13, 5, 7, 4. ఏ వరుసా 15 దాటలేదు. చివరి మాటలు చూడండి: పెట్టాం, ఏడ్చాం, వార్త, లేచాడు, ఖాళీ, చూస్తాం, చూస్తాం. వీటిని మాత్రమే విన్నవాడు కూడా సమాధి దగ్గరనుండి నిరీక్షణ దగ్గరకు వచ్చాడు.

నాలుగవ వరుస గూర్చి కొంత చెప్పాలి. మొదటి ప్రయత్నంలో "యేసు బ్రతికాడు" అని వ్రాశాను. ఆరే అక్షరాలు, సులభంగా ఉంది. కాని "బ్రతికాడు" అంటే చావు తప్పి బయటపడ్డాడు అనే అర్థం కూడా మన వాడుకలో ఉంది. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చినవాని గూర్చి అనే మాట అది. క్రీస్తు నిజంగా మరణించాడన్న సత్యాన్ని ఆ మాట సందేహంలో పడవేస్తుంది. "యేసు లేచాడు" అంటే పైన చెప్పిన "లేడు" చిక్కు వస్తుంది. "తిరిగి" అనే మాట ముందు చేర్చినప్పుడు "లేచాడు" కు కాపలా దొరికింది. "చనిపోయిన" అని చేర్చినప్పుడు సిద్ధాంతానికి కాపలా దొరికింది. వరుస 13 అక్షరాలకు పెరిగింది, అయినా ఊపిరిలో ఇమిడింది. వెంటనే "సమాధి ఖాళీ" దానికి సాక్ష్యమిస్తుంది. చిన్నది చేయడమే లక్ష్యం కాదు. తప్పుగా వినబడనిది చేయడం లక్ష్యం.

"ఆగాలి" అని వ్రాసినచోట నిజంగా ఆగాలి. నేను మనసులో మూడు లెక్కిస్తాను. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. ఎదురుగా 50 మీటర్ల దూరంలో గోడగాని గట్టుగాని ఉంటే మన మాట తిరిగి మనకు చేరడానికి సెకనులో మూడవ వంతు పడుతుంది. ఆగకుండా చెప్పితే ఆ ప్రతిధ్వని తర్వాతి మాట మీద పడుతుంది. ఆగితే అది నిశ్శబ్దంలో పడిపోతుంది. వెనుక ఉన్నవారు పక్కవారిని "ఏమన్నారు?" అని అడిగి తెలుసుకొనేది కూడా ఆ విరామంలోనే.

6. దూరాన్ని కొలుచుట, వినబడినదాన్ని పరీక్షించుట

1739లో జార్జ్ విట్‌ఫీల్డ్ ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ బొగ్గు గని కార్మికులకు ఆరుబయట ప్రసంగించడం ఆరంభించి, అదే సంవత్సరం అమెరికాలోని ఫిలడెల్ఫియాకు వెళ్లాడు. అక్కడ న్యాయస్థానం మెట్ల మీదనుండి ఆయన ప్రసంగిస్తుండగా బెంజమిన్ ఫ్రాంక్లిన్ జనం వెనుకనుండి నది వైపుగా వీధిలో నడుస్తూ, ఎంతవరకు స్పష్టంగా వినబడుతుందో చూశాడు. వీధి సందడి మాటను కప్పివేసినచోట ఆగాడు. ఆ దూరాన్ని వ్యాసార్ధంగా అర్ధవృత్తం గీసి, మనిషికి 2 చదరపు అడుగుల చొప్పున లెక్కవేసి, 30 వేలకంటే ఎక్కువ మందికి వినబడగలదని తన ఆత్మకథలో వ్రాశాడు. తరచుగా చెప్పిన ప్రసంగాలకు, కొత్తగా వ్రాసినవాటికి తేడా వింటేనే తెలిసిపోయేదని, పదేపదే చెప్పడం వల్ల ప్రతి మాట పలుకుబడి మెరుగుపడిందని కూడా ఆయన గమనించాడు.

విట్‌ఫీల్డ్ గొంతు మనకు లేదు. కాని ఫ్రాంక్లిన్ పద్ధతి మనకు పనికివస్తుంది. నా అనుభవంలో సాధారణమైన గొంతుగల కాపరికి, నిశ్శబ్దంగా ఉన్న స్థలంలో, 100 అడుగులు మంచి హద్దు. 100 అడుగుల వ్యాసార్ధంతో అర్ధవృత్తం దాదాపు 15,700 చదరపు అడుగులు. మన ప్రజలు నేల మీద కూర్చుంటారు కాబట్టి మనిషికి 2 అడుగులు చాలవు. దారులతో కలిపి 6 అడుగులు వేస్తే 2,600 మంది. అంటే ఒక మండలంలోని సంఘాలన్నీ కూడినా అర్ధవృత్తంగా కూర్చుండబెట్టగలిగితే వినిపించవచ్చు. అదే జనాన్ని పొడవైన బారుగా కూర్చుండబెడితే వెనుక సగం మందికి ఏమీ చేరదు.

నిలబడే చోటు కూడా వ్రాతలో భాగమే, ఎందుకంటే అది ఎంత పొడవైన వరుస వ్రాయవచ్చో నిర్ణయిస్తుంది. గాలి మన వీపు వైపునుండి జనం వైపు వీచాలి. ఎదురుగాలిలో శబ్దం పైకి వంగి తలల మీదుగా పోతుంది. ఎండ కాసే మధ్యాహ్నం నేల వేడెక్కినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. తెల్లవారుజామున నేల చల్లగా ఉన్నప్పుడు శబ్దం క్రిందికి వంగి దూరం చేరుతుంది. ఈస్టరు ఉదయం మనకు దొరికిన మేలు ఇదే. నెహెమ్యా 8:4లో ఎజ్రాకు కట్టిన కొయ్య పీఠంవలె మూడు నాలుగు అడుగుల ఎత్తు ఉంటే, మాట ముందువరుసల తలల్లో చిక్కుకోదు. వెనుక గోడ ఉంటే ఇంకా మేలు.

వినబడిందో లేదో తెలుసుకొనుటకు "వినబడుతోందా?" అని అడగడం వ్యర్థం. వినబడనివాడు జవాబు చెప్పడు. వినబడినవాడు మాట వినబడిందని చెబుతాడుగాని, ఏ మాటో చెప్పడు. నేను చేసేది ఇది. ముందురోజు అదే స్థలానికి ఇద్దరు యౌవనస్థులను తీసుకొని వెళ్తాను. వారు ప్రసంగం ముందుగా చూడకూడదు. తెలిసిన మాటను చెవి తానే పూరించుకొంటుంది. వారిని 100 అడుగుల దూరంలో చెరొక వైపు కాగితంతో నిలబెడతాను. ప్రతి వాక్యపు చివరి మాటను మాత్రమే వ్రాయమంటాను. తర్వాత నా కాగితంతో పోల్చి చూస్తాను. ఇద్దరికీ తప్పిన చివరి మాటను మారుస్తాను. ఒకరికే తప్పితే ఆ వైపు గాలినో చెట్లనో అనుమానిస్తాను. ఒకసారి "విడువడు" అన్నది ఇద్దరూ "విడుచు" అని వ్రాశారు. ఆ వాక్యం అక్కడికక్కడే "ఎప్పుడూ తోడుంటాడు. నీతోనే ఉంటాడు" అని మారింది.

జనం 100 అడుగులు దాటితే మాటను అందించేవారు కావాలి. 2011లో న్యూయార్కులోని జుకోటి పార్కులో మైకుకు అనుమతి లేనప్పుడు, ముందున్నవారు ఒక్కొక్క పదబంధాన్ని కలిసి పలికి వెనుకవారికి అందించేవారు. నాలుగైదు మాటలకంటే ఎక్కువైతే ఆ పద్ధతి తడబడుతుంది, ఎందుకంటే మధ్యవాడు విన్నది గుర్తుంచుకొని తిరిగి చెప్పాలి. పైన చూపిన ఈస్టరు వరుసలు ఆ పద్ధతికి కూడా సరిపోతాయి. మధ్యలో 80 అడుగుల వద్ద గట్టి గొంతుగల ఇద్దరు పెద్దలను నిలిపి, వారి చేతికి కాగితం ముందే ఇవ్వాలి. విని చెప్పమంటే వారి తప్పు మన పేరు మీద వెళ్తుంది.

7. ఈ పద్ధతి హద్దులు

విరామాలతో కలిపి చూస్తే ఈ పద్ధతిలో మామూలు ప్రసంగంలోని మాటల్లో సగమే చెప్పగలము. పన్నెండు నిమిషాలు దాటితే నా గొంతు బొంగురుపోతుంది, చివరి అచ్చులు ముందుగా చెడతాయి. కాబట్టి ఒకే సంగతి తీసుకోవాలి. "అయినప్పటికి", "కాబట్టి", "ఒకవేళ" అనే మాటలతో సాగే వాదన ఇక్కడ పనికిరాదు. రోమా పత్రిక 9 నుండి 11 అధ్యాయాల వివరణను మైదానంలో కేకవేయబోతే, వినేవారికి ఒక వైపు సగమే చేరి, పౌలు చెప్పనిది చెప్పినట్లవుతుంది. అటువంటి బోధ దేవాలయం కోసం, బైబిలు స్టడీ కోసం ఉంచుకోవాలి.

చిన్న వాక్యాలు నినాదాలుగా మారే ప్రమాదం కూడా ఉంది. ప్రతి వరుస చివర ఆశ్చర్యార్థకం పెట్టి, ప్రతిసారి జనంతో "ఆమేన్" అనిపిస్తే, పదవసారికి వారు వినకుండానే అంటారు. ద్వితీయోపదేశకాండములో ఆ పండ్రెండు "ఆమేన్"లలో ప్రతిదీ ఒక్కొక్క పాపము పేరెత్తి చెప్పిన తర్వాతే వస్తుంది. జనం ఏ మాటకు ఒప్పుకొంటున్నారో ఆ మాట వారికి చేరిందని తేలిన తర్వాతే వారి "ఆమేన్" అడగాలి.

ముగింపు

ఆ యౌవనస్థుని వర్ధంతి కూటం మరుసటి సంవత్సరం అదే పొలం గట్టున జరిగింది. ఆ రోజూ మైకు లేదు. కాగితం మీద పదకొండు వరుసలే వ్రాసుకొని వెళ్లాను. "శిక్ష" అనే మాట ఎక్కడా లేదు. కూటం ముగిసిన తర్వాత ఆ మేనత్త దగ్గరకు వెళ్లి, ఏమి వినబడిందో చెప్పమని అడిగాను. "దేవుడు ఈ ఇంటిని ప్రేమిస్తాడు అన్నారు అయ్యగారూ. రెండుసార్లు అన్నారు" అన్నది. ఆమె ఆ రోజు కూడా వెనుక వరుసలోనే కూర్చుంది.